కళ్లు పచ్చబడి, మూత్రం ముదురు రంగులో వస్తుంటే: రిపోర్టు చదివే ముందు జాగ్రత్తలు

పెద్దవాళ్లలో కళ్లు పచ్చబడితే ఇంట్లో అందరి నోటా ముందు వచ్చే మాట లివర్. చాలాసార్లు అది నిజమే. కానీ పిత్తనాళంలో రాయి అడ్డుపడినా, రక్తంలో ఎర్రకణాలు పెద్ద ఎత్తున పగిలిపోయినా కళ్లు అలాగే పచ్చబడతాయి. మూడింటికీ వైద్యం వేరు. అందుకే ఏ మందైనా మొదలుపెట్టే ముందు తేడా పట్టుకోవాలి. సగం తేడా మూత్రంలోనే తెలుస్తుంది.

ముందు కళ్లను పగటి వెలుతురులో చూడండి. పసుపు బల్బు కింద చూస్తే మోసపోతాం. రక్తంలో బిలిరుబిన్ అనే పసుపు పదార్థం డెసీలీటరుకు సుమారు 2.5 నుంచి 3 మిల్లీగ్రాములు దాటితే తప్ప కంటి తెల్లగుడ్డులో రంగు కనిపించదు. మామూలుగా ఉండాల్సింది 1.2 లోపు. అరచేతులు పచ్చగా ఉండి కళ్లు తెల్లగా ఉంటే అది సాధారణంగా కామెర్లు కాదు. తర్వాత మూత్రాన్ని ఒక గాజు సీసాలో పట్టి కాస్త ఊపండి. నీళ్లు తక్కువ తాగినా రంగు ముదురుతుంది, కానీ నురగ తెల్లగానే ఉంటుంది. నురగ కూడా పచ్చగా ఉంటే మూత్రంలోకి బిలిరుబిన్ దిగుతోందనే అనుమానం బలపడుతుంది. ఇది ఇంట్లో చూసుకునే గుర్తు మాత్రమే, పరీక్షకు బదులు కాదు. మలం రంగు కూడా గమనించి రాసుకోండి. సుద్దలా పాలిపోయిందా, మామూలుగానే ఉందా అన్నది డాక్టర్ తప్పకుండా అడుగుతారు. సిగ్గుపడి చాలామంది చూడరు.

మూత్రానికి ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, పాత ఎర్రకణాలు పగిలినప్పుడు పుట్టే బిలిరుబిన్ నీళ్లలో కరగదు. రక్తంలోని అల్బుమిన్ అనే ప్రొటీన్‌ను అంటిపెట్టుకుని తిరుగుతుంది కాబట్టి కిడ్నీ జల్లెడ దాటి మూత్రంలోకి రాలేదు. రిపోర్టులో దీన్నే ఇండైరెక్ట్ అంటారు. లివర్ దానికి మరో పదార్థాన్ని జోడించి నీళ్లలో కరిగేలా చేస్తుంది. అది డైరెక్ట్. ఇది పిత్తరసంతో కలిసి పేగులోకి పోవాలి. లివర్ కణాలు దెబ్బతిని దాన్ని బయటికి తోయలేకపోయినా, కిందున్న నాళం మూసుకుపోయినా అది వెనక్కి తిరిగి రక్తంలోకి, అక్కడి నుంచి మూత్రంలోకి వస్తుంది. అంటే మూత్రంలో బిలిరుబిన్ కనిపించిందంటే లివర్ తన పని చేసిన తర్వాతి సరుకు వెనక్కి మళ్లుతోందని అర్థం.

కాబట్టి రిపోర్టులో టోటల్ అంకె చూసి టెన్షన్ పడే ముందు, అందులో డైరెక్ట్ వాటా ఎంతో లెక్కేయండి. ఐదో వంతు కన్నా తక్కువైతే రక్తకణాల వైపు, లేదా గిల్బర్ట్ అనే పుట్టుకతో వచ్చే, హాని చేయని స్థితి వైపు చూడాలి. సగం దాటితే లివర్ లేదా పిత్తనాళం. ఆ రెండింటినీ విడదీయడం బిలిరుబిన్ వల్ల కాదు. అక్కడ ఎంజైములు కావాలి. ఏఎల్‌టీ, అంటే ఎస్‌జీపీటీ, బాగా పెరిగితే లివర్ కణాల దెబ్బ. ఏఎల్‌పీ ఎక్కువ పెరిగితే నాళంలో అడ్డు. ఒక్కొక్కటీ దాని మామూలు పరిమితికి ఎన్ని రెట్లు ఉందో చూసి, మొదటి దాన్ని రెండో దానితో భాగిస్తారు. 5 దాటితే లివర్ తరహా, 2 లోపైతే అడ్డు తరహా.

ఇక్కడే ఎక్కువమంది పడే గుంట ఉంది. ఒక ఉదాహరణ చూద్దాం. నలభై ఆరేళ్ల ఆవిడకు రాత్రి కుడి పక్కటెముకల కింద నొప్పి, వాంతులు. పొద్దున్నే రక్తం ఇస్తే టోటల్ 4.8, డైరెక్ట్ 3.6, ఏఎల్‌టీ 620, ఏఎల్‌పీ 150. ఆ ల్యాబ్ పరిమితులు ఏఎల్‌టీకి 40, ఏఎల్‌పీకి 120. అంటే పదిహేనున్నర రెట్లు, ఒకటింబావు రెట్లు. భాగిస్తే 12 దాటింది. ఎవరు చూసినా హెపటైటిస్ అంటారు, విశ్రాంతి తీసుకోమంటారు. రెండు రోజుల తర్వాత మళ్లీ చూస్తే ఏఎల్‌టీ 210కి పడిపోయింది, ఏఎల్‌పీ 340కి ఎక్కింది, టోటల్ 6.5. ఇప్పుడు భాగిస్తే 2 కన్నా తక్కువ. అల్ట్రాసౌండ్‌లో పిత్తనాళం 10 మిల్లీమీటర్లకు ఉబ్బి ఉంది. కారణం రాయి. నాళం హఠాత్తుగా మూసుకుంటే మొదటి ఒకటి రెండు రోజులు ఏఎల్‌టీ ఎగిరిపడుతుంది. ఏఎల్‌పీ పెరగడానికి టైమ్ పడుతుంది. అందుకే నొప్పితో మొదలైన కామెర్లలో ఒక్క రిపోర్టుతో తీర్పు ఇవ్వకూడదు. స్కాన్ చేయించాలి, ఒకటి రెండు రోజుల్లో రక్తం మళ్లీ చూడాలి. మొదటి స్కాన్‌లో రాయి కనిపించకపోయినా అనుమానం కొట్టేయకండి. నాళం కింది భాగాన్ని పేగులోని గాలి కప్పేస్తుంది. అప్పుడు పిత్తనాళాలను ఎంఆర్‌ఐతో చూసే ఎంఆర్‌సీపీ స్కాన్ అడుగుతారు.

రెండో గుంట మూత్రం రంగే. మలేరియా కోసం ప్రైమాక్విన్ వేసుకున్న మనిషికి మూడో రోజున కళ్లు పచ్చబడి, మూత్రం కోలా రంగులో వచ్చిందనుకోండి. టోటల్ 3.4, డైరెక్ట్ 0.4, ఏఎల్‌టీ మామూలే, హిమోగ్లోబిన్ 7.8. మూత్రం నల్లబడింది కాబట్టి లివర్ అనుకుంటే పొరపాటు. మూత్ర పరీక్షలో బిలిరుబిన్ లేదు. రక్తం ఉందని మూత్రంలో ముంచే పరీక్ష పట్టీ చెబుతోంది, మైక్రోస్కోపులో మాత్రం కణాలు కనిపించడం లేదు. ఆ రంగు పగిలిన కణాల నుంచి వచ్చిన హిమోగ్లోబిన్‌ది. జీ6పీడీ ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లకు ఇలా జరుగుతుంది. కణాలు పగులుతున్న రోజుల్లో ఆ ఎంజైమ్ పరీక్ష మామూలుగా వచ్చి తప్పుదారి పట్టించవచ్చు, ఎందుకంటే లోపం ఎక్కువున్న పాత కణాలు అప్పటికే పోయి ఉంటాయి. సుమారు మూడు నెలల తర్వాత మళ్లీ చేయించాలి. ఇంకో మాట. లివర్ బాగుంటే కణాలు పగలడం ఒక్కదాని వల్ల టోటల్ సాధారణంగా 5 దాటదు. దాటితే ఇంకేదో కూడా ఉందేమో వెతకాలి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు గత రెండు మూడు నెలల్లో వాడిన ప్రతి మందు అట్టా, ప్రతి పొడీ పట్టుకెళ్లండి. అమాక్సిసిలిన్‌తో క్లావులనేట్ కలిసిన యాంటీబయాటిక్ కోర్సు ముగిసిన కొన్ని వారాల తర్వాత కూడా కామెర్లు తెప్పించగలదు. కాబట్టి "అది ఎప్పుడో ఆపేశానండీ" అని దాచకూడదు. క్షయ మందుల్లో రిఫాంపిసిన్ మూత్రాన్ని నారింజ రంగు చేస్తుంది. ఆ ఒక్క రంగుకు భయం లేదు, కళ్లు కూడా పచ్చబడితే మాత్రం ఆ రోజే చెప్పాలి. కారణం తేలేదాకా మద్యం ముట్టకండి, పారాసెటమాల్ సొంతంగా వేసుకోకండి.

రిపోర్టు కోసం ఎదురుచూడకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. పచ్చకళ్లతో పాటు చలిజ్వరం, పొట్ట పైభాగంలో నొప్పి ఉంటే నాళంలో చీము పట్టి ఉండవచ్చు. అది గంటల్లో ముదురుతుంది. మనిషి తికమకగా మాట్లాడినా, పగలంతా నిద్రమత్తులో ఉన్నా, చిగుళ్ల నుంచి రక్తం కారినా లివర్ చేతులెత్తేస్తోందేమో చూడాలి. గర్భిణులు, ఆయాసపడేంత రక్తం తగ్గినవాళ్లు కూడా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. నొప్పి లేకుండా పచ్చదనం రోజురోజుకీ పెరుగుతూ, ఒళ్లు దురదపెడుతూ, బరువు తగ్గుతున్న పెద్ద వయసు మనిషిని నొప్పి లేదు కదా అని వదిలేయకండి. క్లోమంలో గడ్డ నాళాన్ని నొక్కుతున్నప్పుడు సరిగ్గా ఇలాగే ఉంటుంది.

కోలుకునే రోజుల్లో మూత్రం తేటబడినా కళ్లు ఇంకా పచ్చగా ఉన్నాయని కంగారుపడేవాళ్లు చాలామంది. డైరెక్ట్ బిలిరుబిన్‌లో కొంత భాగం అల్బుమిన్‌కు గట్టిగా అతుక్కుపోతుంది. అది మూత్రంలోకి పోదు, ఆ ప్రొటీన్ అరిగేదాకా రక్తంలోనే వారాల తరబడి ఉంటుంది. అందుకే మూత్రం ముందు తెల్లబడి, కళ్లు ఆలస్యంగా తేటబడతాయి. తేటబడిన మూత్రం మళ్లీ ముదిరితే మాత్రం రక్తపరీక్ష తిరిగి చేయించాలి.