ఫ్రిజ్ లెక్కలు – 4వ పాఠం: చల్లబడే చోట 10 డిగ్రీలు, వేడి వదిలే చోట 10 డిగ్రీలు

పోయిన పాఠంలో గ్యాస్ వెంట ఒక చుట్టు తిరిగాం. కంప్రెసర్ దాన్ని నొక్కి వేడెక్కిస్తుంది. కండెన్సర్‌లో ఆ వేడి గదిలోకి పోయి, గ్యాస్ ద్రవమవుతుంది. కేపిలరీ దాటగానే ఒత్తిడి పడిపోతుంది, ఎవాపరేటర్‌లో మరిగి ఆవిరవుతూ లోపలి వేడిని లాగేస్తుంది. ఈసారి లెక్కలోకి దిగుదాం.

కరెంటు రూపంలో ఒక పాలు పని ఇస్తే ఎన్ని పాళ్ల వేడి కూలర్ లోపలి నుంచి లాగింది? అదే సీఓపీ. చుట్టులోని నాలుగు చోట్లా కిలో గ్యాస్‌లో ఉన్న ఎంథాల్పీ, అంటే అది మోసుకెళ్లే శక్తి, తెలిస్తే చాలు:

COP = (h1 − h4) / (h2 − h1)

h1 కంప్రెసర్‌లోకి పోయే ముందు, h2 బయటికొచ్చాక, h3 కండెన్సర్ చివర, h4 కేపిలరీ దాటాక. కేపిలరీలో పనీ లేదు, వేడి మార్పిడీ లేదనుకుంటాం కాబట్టి h4, h3 ఒకటే.

మన ఉదాహరణ కిరాణా కొట్లో కూల్‌డ్రింకులు పెట్టే అద్దాల కూలర్. గ్యాస్ ఆర్-134ఎ. సంక్రాంతి రోజుల్లో అది ఎవాపరేటర్‌లో −10 డిగ్రీల దగ్గర మరుగుతోంది, కండెన్సర్‌లో 40 దగ్గర ద్రవమవుతోంది. గేజ్ పెడితే సక్షన్ వైపు సుమారు 14, డిశ్చార్జ్ వైపు 133 పీఎస్‌ఐ కనిపిస్తుంది. పట్టికలో h1 = 392.7, h3 = 256.4. నష్టాల్లేని కంప్రెసర్ అనుకుంటే h2 సుమారు 426.5. అన్నీ కిలోకి కిలోజౌళ్లు. లాగిన వేడి 136.3, పెట్టిన పని 33.8. భాగిస్తే సీఓపీ 4.03. నిజం కంప్రెసర్‌లో ఇంకా తక్కువే వస్తుంది, కానీ పోల్చి చూడటానికి ఈ లెక్క చాలు.

ఇప్పుడు రోహిణి కార్తె. కొట్టు వేడెక్కింది, కండెన్సర్ రెక్కల మధ్య దుమ్ము బూజులా అల్లుకుంది. వేడి పోవాలంటే కండెన్సర్ 50కి ఎక్కాలి. డిశ్చార్జ్ 176 దాటుతుంది. h3 271.6 అయింది, h2 432. లాగిన వేడి 121కి తగ్గింది, పని 39.3కి పెరిగింది. సీఓపీ 3.08. టాంగ్ టెస్టర్ పెడితే ఆంపియర్లు పెరిగి కనిపిస్తాయి, ఎవరికైనా అనుమానం వస్తుంది.

రెండో జబ్బు అంత తేలిగ్గా బయటపడదు. కండెన్సర్ మళ్లీ 40కే తెచ్చాం, కానీ లోపలి ఫ్యాన్ ఆగి ఎవాపరేటర్ మంచుగడ్డ కట్టింది. గాలి తగలక గ్యాస్ −20 దగ్గర మరుగుతోంది. h1 = 386.6, h2 = 429. లాగిన వేడి 130.2, పని 42.4, సీఓపీ 3.07. దాదాపు అదే నష్టం కదా అనిపిస్తుంది.

కాదు. −10 దగ్గర ఘనపు మీటరు ఆవిరి 10 కిలోలు తూగుతుంది, −20 దగ్గర 6.8 కిలోలే. కంప్రెసర్ ప్రతి తిప్పుకీ లాగేది అదే ఘనపరిమాణం, అందులో గ్యాస్ మాత్రం మూడో వంతు తక్కువ. ఘనపు మీటరుకి లెక్కిస్తే, లాగే వేడి సుమారు 1,370 నుంచి 885 కిలోజౌళ్లకు దిగింది. పెట్టిన పని కూడా 339 నుంచి 288కి తగ్గింది. అంటే కూలర్ చెడిపోతుంటే ఆంపియర్లు దిగుతాయి! కరెంటు తక్కువే లాగుతోందని కొట్టాయన సంతోషిస్తాడు, కానీ సీసాలు చల్లబడవు, కంప్రెసర్ ఆగకుండా నడుస్తూనే ఉంటుంది. నెలాఖరు బిల్లు చూశాక తెలుస్తుంది.

ఇక్కడే చాలామంది చేసే తప్పు: సక్షన్ 5కి పడిందని చూసి గ్యాస్ కొట్టేస్తారు. నేర్చుకునే రోజుల్లో నేనూ కొట్టాను. మంచు కరిగాక ఆ గ్యాస్ ఎక్కువై డిశ్చార్జ్ ఎగబాకింది, మళ్లీ వదలాల్సి వచ్చింది. అందుకే ముందు మూత విప్పి కాయిల్ చూడండి. గ్యాస్ తగ్గితే మొదటి నాలుగైదు మెలికల మీదే మంచు ఉంటుంది, మిగతావి పొడిగా ఉంటాయి. గాలి ఆగితే కాయిల్ మొత్తం తెల్లగా మూసుకుపోతుంది.

అభ్యాసం: దుమ్మూ మంచూ రెండూ ఉన్న కూలర్. −20, 50. h1 = 386.6, h2 = 434.7, h3 = 271.6. సీఓపీ 2.4 దగ్గర రావాలి. వచ్చాక, ఘనపు మీటరుకి పెట్టిన పని కూడా కట్టి, సంక్రాంతినాటి 339తో పోల్చి చూడండి.