ముక్కల సారాంశాలు కలిపే ముందు: ఏది చెరపాలి, ఏది ఉంచాలి

పొడవాటి మీటింగ్ ట్రాన్స్‌క్రిప్ట్‌ను ముక్కలు చేసి, ఒక్కో ముక్కకూ సారాంశం రాసి, చివర్లో అన్నీ కలిపితే ఒకే విషయం రెండు మూడు చోట్ల కనబడుతుంది. వెంటనే ఒకటి ఉంచి మిగతావి తీసేయాలనిపిస్తుంది. కాస్త ఆగండి. మాటలు ఎంత కలిశాయన్నది తర్వాత, ముందు ఆ మాట ఏ టైమ్‌లో వచ్చిందో చూడాలి.

అందుకని సారాంశం రాసేటప్పుడే ప్రతి పాయింట్ పక్కన టైమ్ వేసుకోండి. ఇక్కడే చాలామంది పొరబడతారు. ముక్కను విడి ఫైలుగా కోస్తే దాని గడియారం మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఆ ముక్క అసలు రికార్డింగ్‌లో ఎక్కడ మొదలైందో ఆ టైమ్ కలిపితే తప్ప పోల్చడానికి పనికిరాదు.

ఒక ఉదాహరణ చూద్దాం. 30 నిమిషాల ముక్కలు, ఒక్కోదాని చివరి 2 నిమిషాలు తర్వాతి ముక్కలోనూ ఉన్నాయి. అంటే రెండో ముక్క 28వ నిమిషంలో మొదలవుతుంది. మొదటి సారాంశంలో 29:10 దగ్గర "సర్వర్ మార్పు 12న" అని ఉంది. రెండో దానిలో 1:10 దగ్గర "కొత్త సర్వర్‌కు 12న రాత్రి మారతాం" అని ఉంది. 28 నిమిషాలు కలిపితే అదీ 29:10 అవుతుంది. ఒకే మాట రెండుసార్లు లెక్కలోకి వచ్చిందన్నమాట. ఒకటి తీసేయొచ్చు, కానీ మొదటిది ఉంచి రెండోది పడేస్తే "రాత్రి" అన్న వివరం పోతుంది. తీసేసేదానిలో ఉన్న అదనపు వివరాన్ని ఉంచేదానిలోకి ఎక్కించండి.

ఐదో ముక్కలో, అసలు టైమ్ ప్రకారం 2:17:00 దగ్గర, "సర్వర్ మార్పు 19న" అని వచ్చింది. మాటలు దాదాపు అవే, తేదీ ఒక్కటే మారింది. పోలికను లెక్కగట్టే టూల్ అయితే దీన్నీ డూప్లికేట్ కిందే చూపించే అవకాశం ఎక్కువ. "ఆమోదించారు", "ఆమోదించలేదు" అన్న వాక్యాలకూ ఇదే ప్రమాదం ఉంది. టైమ్‌లు గంటన్నరకు పైగా దూరం ఉన్నాయి కాబట్టి ఇది మళ్లీ మాట్లాడిన మాట. ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఆ చోటు తెరిచి చదవండి. నిర్ణయం మార్చుకున్నారని తేలితే "ముందు 12 అనుకున్నారు, తర్వాత 19కి మార్చారు" అని ఒకే పాయింట్‌గా రాయండి. ఉత్తినే గుర్తుచేశారంటే ఒకసారి రాస్తే చాలు. ఎవరో తేదీ తప్పు పలికినా అలాగే కనబడుతుంది కాబట్టి, చదవకుండా తేల్చలేం.

ఇంకో చిక్కు, వరసగా కలుపుకుంటూ పోవడం. మొదటిది రెండోదానికి దగ్గర, రెండోది మూడోదానికి దగ్గర అని మూడూ ఒకటే చేసేస్తే, మొదటికీ మూడోదానికీ సంబంధమే ఉండకపోవచ్చు. గుంపులో ప్రతి జతనూ విడిగా సరిచూడండి.

పని అయ్యాక తీసేసిన పాయింట్లను విడిగా పెట్టుకుని, వాటిలోని ప్రతి అంకె, పేరు, తేదీ, "కాదు", "లేదు" తుది సారాంశంలో ఎక్కడుందో వెతకండి. ఏదైనా దొరక్కపోతే ఆ టైమ్ దగ్గర ట్రాన్స్‌క్రిప్ట్ మళ్లీ తెరవండి.