బోర్డు కింది వరుస కూడా ఫొటోలో పడనివ్వండి

గండికోటలో ఒక బెంగాలీ పర్యాటకుడు హెచ్చరిక బోర్డును ఫొటో తీసి ఫోనులో అనువదించుకున్నాడు. ఫొటోలో "లోయ అంచున నిలబడ" వరకే పడింది. కింది వరుసలోని "రాదు"ను ముళ్లపొద కప్పేసింది. ఫోను "అంచున నిలబడండి" అనడంతో నేరుగా పెన్నా లోయ అంచుకే వెళ్లాడు. టీ కొట్టు పెద్దాయన కేకేసి వెనక్కి పిలిచి, పొద పక్కకు తోసి చూపించాకే అతనికి అసలు సంగతి తెలిసింది.

మన భాషల్లో నిషేధం వాక్యం చివర వస్తుంది. కన్నడ బోర్డుల్లో "బారదు", తమిళ బోర్డుల్లో "కూడాదు" కూడా అక్కడే ఉంటాయి. అందుకే పొరుగు రాష్ట్రాలకు వెళ్లినప్పుడు బోర్డు కింది అంచు దాకా ఫొటో తీయండి. ఎర్ర అక్షరాల బోర్డు రమ్మని పిలుస్తున్నట్టు అనువాదం వస్తే మాత్రం అనుమానించాల్సిందే.