డిజిటల్ సిగ్నేచర్ సర్టిఫికెట్ తీసుకుంటున్నారా? పాన్ గడి ఖాళీగా వదలొద్దు

బెంగళూరులో చిన్న కంపెనీ నడిపే మా బావగారికి ఈమధ్యే ఎదురైంది, అందుకే చెబుతున్నా. ఆధార్ ఓటీపీతో పది నిమిషాల్లో క్లాస్ 3 డీఎస్సీకి, అంటే ఆన్‌లైన్‌లో సంతకానికి వాడే డిజిటల్ సిగ్నేచర్ సర్టిఫికెట్‌కి, అప్లై చేశారు. వీడియో వెరిఫికేషన్ అయింది, యూఎస్‌బీ టోకెన్‌లోకి సర్టిఫికెట్ దిగింది. తీరా ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో రిజిస్టర్ చేయబోతే తీసుకోలేదు. అప్లికేషన్‌లో పాన్ నంబరు ఇవ్వలేదు మరి. పోర్టల్ డీఎస్సీలో ఉన్న పాన్‌ను మన పాన్‌తో పోల్చి చూస్తుంది.

ఒకసారి జారీ అయిన సర్టిఫికెట్‌లో ఏదీ దిద్దడం కుదరదు. కొత్తది తీసుకోవాల్సిందే, అందుకే మళ్లీ డబ్బు కట్టారు.

కాబట్టి అప్లై చేసేముందు ఆధార్, పాన్ కార్డులు పక్కపక్కన పెట్టుకుని చూడండి. మనవాళ్లకు ఒకదాంట్లో ఇంటిపేరు పొడి అక్షరంగా, ఇంకోదాంట్లో పూర్తిగా ఉండటం మామూలే. తేడా ఉంటే ముందు దాన్ని సరిచేయించండి. కంపెనీ డైరెక్టర్లయితే వాళ్లకిచ్చే గుర్తింపు నంబరు డిన్‌లో ఉన్న పేరు కూడా చూసుకోవాలి. మొబైల్, ఈమెయిల్ మీవే ఇవ్వండి, ఆడిటర్ గారివి కాదు.

టోకెన్ చేతికి రాగానే దాని సాఫ్ట్‌వేర్‌లో సర్టిఫికెట్ తెరిచి, `Subject`లో `CN` ఎదురుగా ఉన్న పేరు, `Valid to` తేదీ చదవండి. రెన్యువల్ చేసినప్పుడల్లా పోర్టల్‌లో మళ్లీ రిజిస్టర్ చేయాలి, పాతది దానంతటదే మారదు.