సోలార్ పంపు కంట్రోలర్ మాన్యువల్ తెలుగులోకి – 4వ పాఠం: డ్రై రన్ పేజీ, ప్యానెళ్ల లెక్క

పోయిన పాఠంలో వైరింగ్ బొమ్మకు తెలుగు పేర్లు పెట్టాం. ఈసారి మాన్యువల్లో రైతుకు నేరుగా డబ్బు నష్టం తెచ్చే రెండు పేజీలు తీసుకుందాం. ఒకటి బోరులో నీళ్లు అయిపోయినప్పుడు మోటరును ఆపే సెట్టింగులది, రెండోది కంట్రోలర్‌కు ఎన్ని ప్యానెళ్లు కలపాలో చెప్పే పేజీ. తప్పులు ఎక్కువగా దొర్లేవి ఈ రెండింట్లోనే. పదాలు కష్టంగా ఉండటం వల్ల కాదు. ఇంగ్లిష్ మాన్యువల్ రాసే ఇంజనీర్ తనకు తెలిసిన సగం విషయం చెప్పకుండా వదిలేస్తాడు, మనం ఆ వదిలేసినదాన్ని అలాగే తెలుగులోకి దింపేస్తాం.

ముందు డ్రై రన్ సంగతి. 'శుష్క చాలన రక్షణ', 'పొడి పరుగు నివారణ' లాంటివి రాసి ఉన్న మాన్యువళ్లు మీకూ తగిలే ఉంటాయి. బోరు దగ్గర నిలబడ్డ రైతుకు వాటితో పని లేదు. మెకానిక్కులు 'డ్రై రన్' అంటారు, రైతులు 'మోటరు ఉత్తగా తిరుగుతోంది' అంటారు, నీళ్లు ఆగి ఆగి వస్తుంటే 'బోరు గ్యాప్ ఇస్తోంది' అంటారు. కాబట్టి శీర్షికలో 'నీళ్లు లేనప్పుడు మోటరును ఆపే ఏర్పాటు – డ్రై రన్' అని పెట్టి, ఆ తర్వాత అంతటా డ్రై రన్ అనే రాసుకుంటూ పోండి. కంట్రోలర్ తెర మీద కనిపించేదీ, మెకానిక్ ఫోన్లో అడిగేదీ ఆ మాటే.

అసలు చిక్కు దీని తర్వాత వస్తుంది. ఈ పేజీలో 'డిలే' అనే మాట సాధారణంగా రెండుసార్లు ఉంటుంది. మొదటిది, నీళ్లు లేవని అనుమానం వచ్చాక మోటరును ఆపేలోపు కంట్రోలర్ ఎంతసేపు చూడాలన్నది. మధ్యలో ఒక గాలి బుడగ వచ్చినా ఆగిపోకుండా ఉండటానికి ఇది కొన్ని సెకన్లు ఉంటుంది. రెండోది, ఆగాక మళ్లీ స్టార్ట్ కావడానికి ఎంతసేపు ఆగాలన్నది. ఇది బోరులో నీళ్లు ఊరే సమయం, నిమిషాల్లో ఉంటుంది. రెండింటినీ 'ఆలస్యం' అని అనువదిస్తే రైతుకు రెండూ ఒకటే అనిపిస్తాయి, రెండింట్లోనూ 10 అని కొట్టేస్తాడు. ఒకచోట యూనిట్ సెకను, ఇంకోచోట నిమిషం అయిన మాన్యువల్ అయితే కొంత నయం. రెండూ సెకన్లలోనే ఉంటే ఏమవుతుందో లెక్క వేసి చూడండి: 10 సెకన్లు ఉత్తగా తిరిగి ఆగుతుంది, 10 సెకన్లు ఆగి మళ్లీ తిరుగుతుంది. అంటే గంటకు 180 స్టార్టులు, గంటలో అరగంట నీళ్లు లేకుండా తిరగడం. సబ్మెర్సిబుల్ మోటరుకు చల్లదనం ఇచ్చేదీ, లోపలి బేరింగులను కాపాడేదీ నీళ్లే కాబట్టి, రక్షణ కోసం పెట్టిన సెట్టింగే మోటరును రివైండింగ్ షాపుకు పంపిస్తుంది. అనంతపురం, నల్గొండ లాంటి రాతి నేలల్లో నీళ్లు బండ పగుళ్ల నుంచి నెమ్మదిగా ఊరాలి, అక్కడ ఇది మరీ ముఖ్యం.

అందుకే నేను ఈ రెంటికీ వేర్వేరు పేర్లు పెడతాను. మొదటిది 'ఆపే ముందు చూసే సమయం', రెండోది 'ఆగాక నీళ్లు ఊరే సమయం'. రెండో పేరు ఇంగ్లిష్‌లో ఉన్నదానికి మాటకు మాట కాదు, అయినా ఆ పేరు చదవగానే రైతు తన బోరు గురించి ఆలోచిస్తాడు. తన బోరు అరగంటకు ఊరుతుందో గంటకు ఊరుతుందో ఆయనకు తెలిసినంత బాగా ఏ ఇంజనీరుకూ తెలియదు.

ఇక కంట్రోలర్ నీళ్లు లేవని ఎలా కనిపెడుతుంది? బోరులో నీటిమట్టం చూసే వైరు దింపే మోడళ్లున్నాయి, వాటికి అనువాదం సులువు, దాటేద్దాం. చాలా కంట్రోలర్లు కరెంటును చూస్తాయి. నీళ్లు ఎత్తే పని లేనప్పుడు మోటరు మీద భారం తగ్గుతుంది, అది తీసుకునే ఆంపియర్లు పడిపోతాయి. ఉదాహరణకు 5 హెచ్‌పీ మోటరు మంచి ఎండలో నీళ్లు పోస్తూ 7.5 ఆంపియర్లు తీసుకుంటోందనుకుందాం. బోరు ఖాళీ అయితే అది బాగా కిందికి, 4 దగ్గరికి దిగిపోవచ్చు. మాన్యువల్లో మాత్రం 'రేటెడ్ కరెంట్‌లో 60 శాతం' అని ఒక్క ముక్క ఉంటుంది. ఎవరి రేటెడ్ కరెంట్? మోటరుదా, కంట్రోలర్‌దా? మోటరుది 8 ఆంపియర్లయితే 60 శాతం 4.8 అవుతుంది, అది సబబైన గీత. కంట్రోలర్‌ది 13 అయితే 60 శాతం 7.8 అవుతుంది, అప్పుడు నిక్షేపంగా నీళ్లు పోస్తున్న మోటరు కూడా డ్రై రన్ పేరుతో ఆగిపోతూ ఉంటుంది. ఇలాంటి చోట ఊహించి రాయకండి. తయారీదారు ఇంజనీర్‌ను అడిగి, 'మోటరు నేమ్‌ప్లేట్ మీద ఉన్న ఆంపియర్లలో 60 శాతం' అని పూర్తిగా రాయండి. జవాబు రాకపోతే ఆ వాక్యాన్ని పెండింగ్‌లో పెట్టండి తప్ప రైతు చేతికి ఇవ్వకండి.

ఇంకో మెలిక ఉంది. ఉదయం పూట, మబ్బు పట్టినప్పుడు కూడా ఆంపియర్లు తగ్గుతాయి. అప్పుడు బోరులో నీళ్లుంటాయి, ఎండ చాలక మోటరు నెమ్మదిగా తిరుగుతుంటుంది, అంతే. మంచి మాన్యువళ్లలో అందుకే 'ఫ్రీక్వెన్సీ ఇంతకంటే ఎక్కువున్నప్పుడు మాత్రమే డ్రై రన్ చూస్తుంది' అని ఒక షరతు ఉంటుంది. మోటరు ఎంత వేగంగా తిరుగుతోందో చెప్పేది ఈ ఫ్రీక్వెన్సీయే, తెర మీద Hz అని కనిపిస్తుంది. అనువాదంలో ఆ షరతు చివర్లో వేలాడే ఉపవాక్యంగా కాకుండా మొదటే రావాలి. నేనైతే ఇలా రాస్తాను: 'తెర మీద Hz, A రెండూ కలిపి చూడండి. Hz 45 దాటి ఉండి, A బాగా తగ్గితే బోరులో నీళ్లు లేవు. Hz కూడా తగ్గి, A కూడా తగ్గితే ఎండ చాలడం లేదు, నీళ్లకు ఏమీ కాలేదు.' ఇక్కడ 45 నేను ఉదాహరణకు పెట్టిన అంకె, మీరు మీ మాన్యువల్లో ఉన్నది వేయండి. Hz, A అక్షరాలను తెలుగు చేయకండి, తెర మీద అలాగే కనిపిస్తాయి. రైతు కంటికి రెండు సందర్భాల్లోనూ కనిపించేది మోటరు ఆగిపోవడమే కాబట్టి, తేడా చెప్పే ఈ రెండు వాక్యాలు లేకపోతే బోరు ఎండిపోయిందనుకుని టెన్షన్ పడతాడు. లేదంటే చిరాకొచ్చి డ్రై రన్ సెట్టింగే తీసేయమంటాడు.

రెండో పేజీకి వద్దాం. 'అర్రే సైజింగ్' అన్న శీర్షికకు 'సౌర శ్రేణి పరిమాణ నిర్ధారణ' అని రాస్తే ప్యానెల్ పొడవు వెడల్పులు అనుకుంటారు. ఉన్నది ఉన్నట్టు 'ఎన్ని ప్యానెళ్లు, ఎలా కలపాలి' అనండి. స్ట్రింగ్‌ను 'వరస' అనొచ్చు, ఒకదాని వెనక ఒకటి సిరీస్‌లో కలిపిన ప్యానెళ్లని మొదటిసారి వచ్చినప్పుడు చెబితే చాలు.

ఈ పేజీలో రెండు వోల్టేజ్ అంకెలు పక్కపక్కన ఉంటాయి. ఒకటి కంట్రోలర్ తట్టుకునే హద్దు, ఇంకొకటి పంపు బాగా ఆడటానికి కావాల్సిన పరిధి. రెండింటికీ 'వోల్టేజ్ పరిమితి' అని రాసేస్తే ప్రమాదం, ఎందుకంటే రెండోదానికి కాస్త తగ్గితే నీళ్లు కొంచెం తక్కువ వస్తాయి, మొదటిది దాటితే కంట్రోలర్ లోపలి భాగాలు కాలిపోతాయి. మొదటిదాన్ని నేను 'దాటకూడని వోల్టేజ్' అంటాను, రెండోదాన్ని 'పంపు బాగా ఆడే వోల్టేజ్' అంటాను.

మాన్యువల్ వాక్యం దాదాపు ఇలా ఉంటుంది: కనిష్ఠ ఉష్ణోగ్రత వద్ద ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్ గరిష్ఠ ఇన్‌పుట్‌ను మించరాదు. దీన్ని ఎంత మంచి తెలుగులో రాసినా రైతుకు గానీ, ఫిట్టర్‌కు గానీ ఏం చేయాలో తెలియదు. కాబట్టి లెక్క చేసి చూపించాలి. కంట్రోలర్ దాటకూడని వోల్టేజ్ 800 అనుకోండి. ప్యానెల్ 335 వాట్లది, దాని వెనక స్టిక్కర్ మీద Voc అన్నచోట 46 అని ఉంది. ఆ Voc అంటే కరెంటు ఏమీ తీసుకోనప్పుడు, అంటే పంపు ఆగి ఉన్నప్పుడు ప్యానెల్ ఇచ్చే వోల్టేజ్. ఫిట్టర్ వరసలో 17 ప్యానెళ్లు కలుపుదామనుకుంటాడు, 782 వచ్చింది, 800 లోపే ఉందిగా అంటాడు.

కానీ స్టిక్కర్ మీది అంకె ప్యానెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటిది. ప్యానెల్ చల్లబడితే వోల్టేజ్ పెరుగుతుంది, డిగ్రీకి సుమారు 0.3 శాతం. ఆదిలాబాద్ వైపు చలికాలంలో పొద్దున్నే 10 డిగ్రీలకు, ఇంకా కిందికీ దిగుతుంది. సూర్యుడు అప్పుడే పైకొచ్చాడు, ప్యానెల్ ఇంకా చల్లగా ఉంది, పంపు ఇంకా స్టార్ట్ కాలేదు. వోల్టేజ్ అత్యధికంగా ఉండే సమయాల్లో ఇదొకటి.

```
25 - 10 = 15 డిగ్రీలు
15 × 0.3 = 4.5 శాతం
17 × 46 × 1.045 = 817   (800 దాటింది)
16 × 46 × 1.045 = 769   (సరిపోతుంది)
```

అనువాదంలో ఈ నాలుగు లైన్లూ ఉండాలి, మీ ప్రాంతపు చలి ఎంత ఉంటుందో వేసుకునే ఖాళీతో సహా. 0.3 కూడా ప్యానెల్‌ను బట్టి కొద్దిగా మారుతుంది, దాని డేటాషీట్‌లో ఉంటుంది.

మరి సేఫ్టీ కోసం ప్యానెళ్లు తగ్గించేస్తే సరిపోదా అని ఫిట్టర్ అడుగుతాడు. సోలార్ పంపులకు సబ్సిడీ ఇచ్చే పీఎం కుసుమ్ పథకం లెక్కల్లో 5 హెచ్‌పీ పంపుకు 4800 వాట్ల ప్యానెళ్లు ఉండాలి. 335 వాట్లవి 14 పెడితే 4690, అది చాలదు. పైగా వేసవిలో ప్యానెల్ 65 డిగ్రీలకు వేడెక్కితే వోల్టేజ్ పడిపోతుంది, 415 వోల్టుల మోటరు పూర్తి వేగం అందుకోలేదు. అందుకని ఈ కేసులో 15 లేదా 16 అని తేలుతుంది. వాట్లు చూసి ఒకసారి, చలికాలం వోల్టేజ్ చూసి ఒకసారి, మొత్తం రెండుసార్లు సరిచూడాలని మాన్యువల్లో విడివిడి అడుగులుగా పెట్టండి. ఒకే పట్టికలో కుక్కితే ఎవరూ రెండోది చూడరు.

రాసింది పనికొస్తుందో లేదో తెలుసుకోవాలంటే, చదివిన రైతును 'అర్థమైందా అన్నా?' అని అడగొద్దు, అందరూ అయిందనే అంటారు. 'మోటరు ఆగింది, ఆగే ముందు తెర మీద Hz 48, A 4 ఉంది, ఇప్పుడు ఏం చేస్తావన్నా?' అని అడగండి. 'ఆపి మళ్లీ వేస్తా' అన్నాడంటే మీ పేజీ తిరగరాయాలి. 'నీళ్లు ఊరేదాకా ఆగుతా' అంటే వదిలేయొచ్చు.

వచ్చే పాఠానికి ఒక్క వాక్యం ఇస్తున్నాను, చేసి ఉంచండి. కవర్ తెరిచే ముందు సప్లై తీసేసి 10 నిమిషాలు ఆగాలని మాన్యువల్లో ఉంటుంది. ఏ సప్లై, ఎక్కడ తీయాలి, ఎండ ఉన్నంతసేపు ప్యానెల్ వైర్లలో వోల్టేజ్ ఉంటూనే ఉంటుంది కదా, ఆ 10 నిమిషాలు కంట్రోలర్ లోపల ఏం దిగాలి – ఇవన్నీ రైతుకు తెలిసేలా మూడు వాక్యాలకు మించకుండా రాయండి. ఫాల్ట్ కోడ్‌ల పట్టికను దాని తర్వాత పట్టుకుందాం.