24 ఫ్రేములా, 60 ఫ్రేములా? తేడాను మీ ఫోనుతోనే చూడడం ఎలా?

సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 బొమ్మలు, చాలునని మన కన్నే నిర్ణయించిందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ అంకెను ఖాయం చేసింది శబ్దం. మూకీల కాలంలో కెమెరాను చేత్తో తిప్పేవారు కాబట్టి వేగం మనిషిని బట్టి మారేది, బొమ్మ కాస్త వేగంగా కదిలినా ప్రేక్షకులు సర్దుకుపోయేవారు. 1920ల చివర టాకీలు వచ్చాక అది కుదరలేదు. వేగం కొంచెం మారినా గొంతు కీచుగానో బొంగురుగానో వినిపిస్తుంది. ఫిల్ము మరీ నెమ్మదిగా నడిస్తే శబ్దంలో స్పష్టత పోతుంది, వేగం పెంచితే ఫిల్ము ఖర్చు పెరుగుతుంది. 35 ఎంఎం ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు పడతాయి. సెకనుకు 24 అంటే నిమిషానికి సరిగ్గా 90 అడుగులు. పరిశ్రమ ఆ లెక్క దగ్గర స్థిరపడింది.

24 బొమ్మలనే చూపిస్తే తెర మినుకుమినుకుమంటుంది. అందుకే ప్రొజెక్టర్ షట్టర్ ఒక్కో ఫ్రేమును రెండుసార్లు, కొన్నిచోట్ల మూడుసార్లు వెలిగిస్తుంది. వెలుగు నిలకడగా ఉంటుంది, కదలిక మాత్రం 24 మెట్లలోనే సాగుతుంది. ఆ మెట్ల ప్రభావాన్ని ఇంట్లోనే చూడవచ్చు.

1. షట్టర్‌ను మీ చేతిలోకి తీసుకోండి. ఫోను కెమెరాలో ప్రో వీడియో మోడ్ తెరిచి 24 ఫ్రేములు, షట్టర్ 1/50 సెకను పెట్టండి. ఫ్రేముకు దొరికే సమయంలో దాదాపు సగంసేపు షట్టర్ తెరిచి ఉంచడం సినిమావాళ్ల అలవాటు, ఆ లెక్కన 1/48 రావాలి. మన కరెంటు 50 హెర్ట్జ్ కావడంతో దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. 1/50 సెకనులో సరిగ్గా రెండు మినుకులు పడతాయి కాబట్టి అదే క్షేమం.

2. టీ పోస్తూ తీయండి. ఫోనును స్టాండుకు బిగించి, ఎవరినైనా టీని ఒక గ్లాసులోంచి మరో గ్లాసులోకి పైకెత్తి పోయమనండి. తర్వాత 60 ఫ్రేములకు మార్చి, షట్టర్ 1/100 పెట్టి మళ్లీ తీయండి. పుస్తకాల లెక్క ప్రకారం ఇక్కడ 1/120 పెట్టాలి. కానీ ట్యూబులైటు కింద అలా పెడితే తెరపై నల్లటి చారలు పాకే అవకాశం ఉంది. చారలు కనిపిస్తే తప్పు షట్టర్‌లో ఉందని గుర్తు. 1/100కి వచ్చే వెలుగు 1/50తో పోలిస్తే సగమే కాబట్టి కెమెరా వెలుగుకు ఎంతగా స్పందించాలో చెప్పే ఐఎస్‌ఓ అంకెను రెట్టింపు చేయాలి, దానితో నీడల్లో గింజల్లాంటి చుక్కలు కనిపించవచ్చు.

ఇప్పుడు రెండు క్లిప్పులను ఆపి చూడండి. మొదటిదానిలో టీ ధార మెత్తని పట్టీలా అలుక్కుపోయి ఉంటుంది, రెండోదానిలో ధార అంచులు, చిందే చుక్కలు విడిగా తెలుస్తాయి. నడిపించి చూస్తే రెండోదే ఎదురుగా జరుగుతున్నట్టు ఉంటుంది. ఆటలకు, వార్తలకు అది గొప్ప గుణం. కథ చెప్పేటప్పుడు మాత్రం సెట్టు, మేకప్పు, నటన కూడా అంతే నగ్నంగా బయటపడతాయి. 2012లో 48 ఫ్రేములతో వచ్చిన ‘ది హాబిట్’ సినిమా మొదటి భాగాన్ని చూసి చాలామంది టీవీ కార్యక్రమంలా ఉందన్నది అందుకే. నా మటుకు కథకు 24 వైపే మొగ్గుతాను.

3. కెమెరాను పక్కకు తిప్పండి. 24 బలహీనత ఇక్కడే తెలుస్తుంది. 1920 పిక్సెళ్ల వెడల్పున్న ఫ్రేమును ఒక స్తంభం 2 సెకన్లలో దాటిందనుకుందాం. 24 దగ్గర అది ఫ్రేముకు 40 పిక్సెళ్లు గెంతుతుంది, నిలువు గీతలన్నీ అదురుతాయి. 60 దగ్గర గెంతు 16 పిక్సెళ్లే. 24తోనే తీయాలంటే స్తంభం దాటడానికి 7 సెకన్లు పట్టేలా తిప్పండి, గెంతు 11కి తగ్గుతుంది.

అప్పుడూ అదిరితే తెరను అనుమానించండి. సెకనుకు 60 సార్లు బొమ్మను కొత్తగా వేసే 60 హెర్ట్జ్ తెర 24 ఫ్రేములను సమంగా పంచలేక ఒకదాన్ని రెండుసార్లు, తర్వాతిదాన్ని మూడుసార్లు చూపిస్తుంది. 120 హెర్ట్జ్ తెరపై ప్రతి ఫ్రేమూ ఐదుసార్లు పడి ఈ ఇబ్బంది తప్పుతుంది. టీవీలో చూస్తే మోషన్ స్మూతింగ్ ఆపేయండి, లేదంటే అది మధ్యలో లేని ఫ్రేములను తనే పుట్టిస్తుంది.

4. అంకెను ముందే నిర్ణయించుకోండి. 60తో తీసినదాన్ని 24 వేగంతో నడిపితే రెండున్నర రెట్లు నెమ్మదిగా, చక్కని స్లో మోషన్ వస్తుంది. మామూలు వేగంలో 24 కావాలంటే మాత్రం ఫ్రేములను సమంగా వదిలేయడం కుదరదు, పైగా షట్టర్ వేగం వల్ల పోయిన అలుకుడు తిరిగిరాదు. ‘ది హాబిట్’ బృందానికీ ఈ చిక్కు ఎదురైంది, ఎందుకంటే ఎక్కువ థియేటర్లు 24 ప్రతినే వేయాలి. అందుకని 48 ఫ్రేములకు మామూలు లెక్క ప్రకారం వచ్చే 1/96 వదిలి, షట్టర్‌ను 1/64 సెకను తెరిచి ఉంచారు. ఒక ఫ్రేము విడిచి ఒకటి తీసుకున్నా కదలికలో కాస్త అలుకుడు మిగిలింది.