కార్ సీటు, స్ట్రోలర్ కొనే ముందు మీ కారు, మీ మెట్లు చూసుకోండి

మా పాప పుట్టక ముందు మేం డాలస్ పక్కన ఒక అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తులో ఉండేవాళ్ళం. లిఫ్ట్ లేదు, కారేమో చిన్న సెడాన్. ఈ రెండూ మర్చిపోయి, షాపులో చూడగానే నచ్చిందని కార్ సీటు, స్ట్రోలర్ కలిపి అమ్మే పెద్ద సెట్ ఒకటి కొనేశాం. స్ట్రోలర్ మడిచి పెడితే డిక్కీ నిండిపోయింది, కూరగాయల సంచికి కూడా చోటు మిగల్లేదు. వారం తిరక్కుండా వాపసు ఇచ్చి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాం. అమెరికాకు కొత్తగా వచ్చి తొలి కాన్పుకు సిద్ధమవుతున్నవాళ్ళు ఆ తిప్పలు పడకుండా ఇది రాస్తున్నాను.

ముందు కార్ సీటు సంగతి. ఇక్కడ అమ్మే ప్రతి సీటూ ఎఫ్‌ఎమ్‌వీఎస్‌ఎస్ 213 అనే ఫెడరల్ ప్రమాణానికి సరిపోవాలి. వంద డాలర్ల సీటుకైనా, ఐదు వందల డాలర్ల సీటుకైనా తప్పనిసరి ప్రమాణం అదే. ఎక్కువ పెట్టే డబ్బు చాలావరకు మెత్తటి గుడ్డకు, తేలికైన బరువుకు, బిగించడంలో సులువుకు పోతుంది. రోడ్డు భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ ఇచ్చే నక్షత్రాల రేటింగ్ కూడా వాడటం ఎంత సులువో చెప్పేదే. ప్రమాదంలో ఏ సీటు ఎంత బాగా కాపాడుతుందో దాన్ని చూసి తేల్చుకోలేం. ఇండియా నుంచి వచ్చేటప్పుడు అక్కడి సీటు తెద్దామనుకోకండి. దాని మీద ఈ ప్రమాణానికి సరిపోతుందన్న లేబుల్ ఉండదు కాబట్టి ఇక్కడి కారులో పనికిరాదు. తెలిసినవాళ్ళు తమ పాత సీటు ఇస్తామంటే మొహమాటపడకుండా రెండు అడగండి: అది ఎప్పుడైనా యాక్సిడెంట్‌లో ఉందా, గడువు తేదీ దాటిందా? తేదీ సీటు వెనకో అడుగునో ముద్రించి ఉంటుంది. చరిత్ర తెలియని సీటు ఊరికే ఇచ్చినా వద్దు.

పుట్టిన బిడ్డకు ఎక్కువమంది కొనేది పట్టుకుని మోసుకెళ్ళే ఇన్‌ఫెంట్ సీటు. దాని బేస్ కారులోనే ఉండిపోతుంది, సీటు మాత్రం తీసి పెడుతుంటాం. ఇది కారు వెనక సీట్లో, బిడ్డ ముఖం కారు వెనక అద్దం వైపు ఉండేలా కూర్చోవాలి. ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న ముందు సీట్లో అసలు పెట్టకూడదు. కొనే ముందు సీటు మీద రాసి ఉన్న కనిష్ఠ బరువు చూడండి. చాలా వాటికి 4 పౌండ్లు, కొన్నిటికి 5. నెలలు నిండక ముందే పుట్టే అవకాశం ఉందని డాక్టర్ చెప్పి ఉంటే ఈ తేడా చిన్నది కాదు.

వీలైతే కొనక ముందే షాపువాళ్ళను అడిగి బేస్, సీటు మీ కారులో పెట్టి చూడండి. మా కారులో మొదటి సీటు పెడితే ముందు సీటు ఎంత ముందుకు జరపాల్సి వచ్చిందంటే, మా ఆయన మోకాళ్ళు డ్యాష్‌బోర్డుకు తగిలాయి. రెండోది రెండంగుళాలు పొట్టిది, ఇబ్బంది లేకుండా సరిపోయింది.

ఇక బిగించడం. బేస్‌ను కారు వెనక సీటులో కూర్చునే భాగం, వీపు ఆనించే భాగం కలిసే సందులో ఉండే ఇనుప కొక్కేలకు తగిలించవచ్చు, లేదా సీటు బెల్టుతో కట్టవచ్చు. రెండూ సమానంగా భద్రమే, కానీ మాన్యువల్ ఒప్పుకుంటే తప్ప రెండూ కలిపి వాడకూడదు. "రెండూ వేస్తే ఇంకా గట్టిగా ఉంటుంది కదా" అని మేమూ అనుకున్నాం! వెనక మధ్య చోటు మంచిదంటారు, నిజమే. కానీ చాలా కార్లలో మధ్యలో కొక్కేలు ఉండవు. పక్క సీట్లవి అరువు తెచ్చుకోవచ్చో లేదో కారు మాన్యువల్ చెప్తుంది. కూడదంటే మధ్యలో బెల్టుతో కట్టాలి, అలా గట్టిగా కుదరకపోతే పక్క సీటే మేలు.

మేం ఇంట్లో బిగించుకుని, గట్టిగానే ఉందని ధీమాగా ఫైర్ స్టేషన్‌లో ఉండే సర్టిఫైడ్ టెక్నీషియన్ దగ్గరకు వెళ్ళాం. ఆవిడ బెల్టు దూరే చోట బేస్‌ను పట్టుకుని పక్కలకు ఊపితే రెండంగుళాలు కదిలింది. అంగుళం లోపే కదలాలి. ఊపి చూడాల్సింది కూడా ఆ చోటే. అవతలి చివర పట్టుకుని లాగితే ఏ సీటైనా కొంచెం ఊగుతుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు. మా తప్పు ఏమిటంటే, బెల్టును పూర్తిగా బయటికి లాగి లాక్ చేయలేదు. చాలా కార్లలో బెల్టును చివరిదాకా లాగి వదిలితే, వెనక్కి వెళ్తూ టకటకమని లాక్ అవుతుంది. ఆవిడ ఒక అరచేతితో బేస్ మీద బరువంతా వేసి నొక్కుతూ, రెండో చేత్తో బెల్టు లాగింది. ఇక కదిలితే ఒట్టు. తర్వాత వాలు చూపించే గుర్తు సరిచేసింది. సీటు మరీ నిటారుగా ఉంటే బిడ్డ తల ముందుకు వాలి, గడ్డం ఛాతీకి ఆని ఊపిరికి అడ్డం వస్తుంది. ఈ వాలు చూసేటప్పుడు కారు చదునైన నేల మీద ఉండాలి. ఇలాంటి చెకింగ్ చాలా చోట్ల ఉచితం, మీ దగ్గర ఎక్కడుందో nhtsa.gov లో వెతకవచ్చు. కాన్పుకు నెల ముందే వెళ్ళడం మంచిది.

బిడ్డను కూర్చోబెట్టేటప్పుడు పట్టీలు భుజాలకు సమానంగా లేదా కాస్త కిందినుంచి రావాలి. భుజం దగ్గర పట్టీని వేళ్ళతో నిలువుగా గిల్లి చూడండి, మడత చేతికి దొరికితే ఇంకా బిగించాలి. ఛాతీ క్లిప్ చంకల ఎత్తులో ఉండాలి, పొట్ట మీదికి జారకూడదు. మా పాప జనవరిలో పుట్టింది. హైదరాబాద్ నుంచి వచ్చిన అత్తగారు చలికి తట్టుకోదని లావు స్వెటర్, దాని మీద జాకెట్ వేసి తీసుకొచ్చారు. దూది జాకెట్ వేసి పట్టీలు బిగిస్తే గట్టిగానే అనిపిస్తుంది గానీ, యాక్సిడెంట్‌లో ఆ దూది అణిగిపోయి పట్టీ వదులైపోతుంది. పల్చటి బట్టలతో పట్టీలు వేసి, పైన దుప్పటి కప్పాం. "పది నిమిషాల దారేగా, ఒళ్ళో పెట్టుకుంటాను" అని కూడా అన్నారు. అది మాత్రం చట్టం ఒప్పుకోదత్తయ్యా అంటే మారు మాట్లాడలేదు.

స్ట్రోలర్ దగ్గరికొస్తే, మెడ నిలవని పసిబిడ్డకు నిటారుగా కూర్చోబెట్టేది పనికిరాదు. పూర్తిగా వెనక్కి వాలేదైనా ఉండాలి, లేదా ఇన్‌ఫెంట్ సీటు తగిలించుకునేదైనా ఉండాలి. మేం రెండోసారి సీటు తగిలించే ఉత్త ఫ్రేమ్ కొన్నాం, బరువు సగానికి సగం తగ్గింది. ఏ సీటు ఏ ఫ్రేమ్‌కు పడుతుందో కంపెనీ జాబితాలో ఉన్నదే నమ్మండి. సరిపోయినట్టే కనిపించినా లాక్ పడకపోవచ్చు.

మడవడం షాపులో మీరే చేసి చూడండి. అమ్మేవాళ్ళు చేస్తే అన్నీ సులువే! ఒక చంకలో ఐదు కిలోల బియ్యం సంచి పెట్టుకుని రెండో చేత్తో మడవండి, మీ ఇంట్లో రోజూ ఉండే పరిస్థితి అదే. మడిచాక దానంతటది నిలబడుతుందా, ఎత్తి నాలుగు మెట్లు ఎక్కగలరా, డిక్కీలో పెట్టాక ఇంకేం పడుతుందో చూడండి. సిజేరియన్ అయితే కొన్ని వారాలు బిడ్డ కంటే బరువైనవి ఎత్తొద్దంటారు, ఆ రోజుల్లో ఎవరు ఎత్తుతారో వాళ్ళ చేతే మడిపించి చూడటం ఉత్తమం. మా ఇంట్లో అది అత్తగారే. తెరిచాక క్లిక్‌మని లాక్ పడిందో లేదో ప్రతిసారీ చూడాలి, మడత కీళ్ళ దగ్గర పిల్లల వేళ్ళు పెట్టనివ్వకూడదు. హ్యాండిల్‌కు బరువు సంచులు తగిలిస్తే వెనక్కి తలకిందులవుతుంది. బ్రేకు వేసి తోసి చూస్తే చక్రాలు కదలకూడదు.

బిడ్డ సీట్లో నిద్రపోయినా ఇంటికి రాగానే తీసి చదునైన పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టండి. సీటుతో వచ్చే రిజిస్ట్రేషన్ కార్డు చెత్తబుట్టలో వేయకుండా నింపి పంపండి. సీటులో లోపం బయటపడి రీకాల్ చేస్తే, కంపెనీకి మీ అడ్రస్ తెలిసేది ఆ కార్డు వల్లే.